మెయిన్ దగ్గర ఒకే కెపాసిటర్ పెట్టేస్తే సరిపోతుందా? నేను పెట్టి చూశాను

ప్రశ్న: చిన్న వర్క్‌షాప్ అండి. రెండు లేత్‌లు, ఒక ప్రెస్, కంప్రెసర్, వెల్డింగ్ సెట్లు ఉన్నాయి. బిల్లులో పవర్ ఫ్యాక్టర్ 0.74 అని చూపించి అదనంగా వేస్తున్నారు. డిమాండ్ కూడా ఒప్పందం కంటే ఎక్కువ వచ్చిందని ఇంకో లైను. మెయిన్ బోర్డు దగ్గర 15 కేవీఏఆర్ కెపాసిటర్ ఒకటి బిగిస్తే రెండూ పోతాయని మా ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. నిజమేనా?

జవాబు:

సగం నిజం. రెండో సగం తెలియక నేను ఒక నెల బాగా నష్టపోయాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మా షెడ్డు కూడా దాదాపు మీలాంటిదే: ఐదు హెచ్‌పీ లేత్‌లు రెండు, ఐదు హెచ్‌పీ ప్రెస్, మూడు హెచ్‌పీ మిల్లింగ్, పది హెచ్‌పీ కంప్రెసర్, పాతకాలపు ట్రాన్స్‌ఫార్మర్ వెల్డింగ్ సెట్లు రెండు, పనిముట్లు గట్టిపరచడానికి ఆరు కిలోవాట్ల ఓవెన్ ఒకటి. ఒప్పందం 30 కేవీఏ. అప్పటి బిల్లులో అసలు పనికి ఖర్చయిన కిలోవాట్ అవర్లు 3,024, లైన్లోంచి లాగిన మొత్తం కేవీఏ అవర్లు 4,200. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.72. నెల సగటు పవర్ ఫ్యాక్టర్ అంటే ఇదే. గరిష్ఠ డిమాండ్ 34 కేవీఏ.

మీ ఎలక్ట్రీషియన్ మాటలో నిజమున్న సగం ముందు చెప్తాను. మోటారు తిరగాలంటే లోపల అయస్కాంత క్షేత్రం నిలబడాలి. దానికోసం లైన్లోంచి వచ్చే కరెంటు ఏ పనీ చేయదు, వచ్చి వెనక్కి పోతూ ఉంటుంది. లోడు పడ్డా పడకపోయినా అది ఇంచుమించు అంతే ఉంటుంది. అందుకే లేత్ ఖాళీగా తిరుగుతూ, పనివాడు వెర్నియర్‌తో కొలుచుకుంటున్నప్పుడు ఆ మోటారు పవర్ ఫ్యాక్టర్ 0.2, 0.3 దగ్గర పడి ఉంటుంది. వెల్డింగ్ సెట్టు ఆన్‌లో ఉంచి మనిషి టీకి వెళ్ళినా అదే కథ. ఈ ఉత్త కరెంటు లెక్కనే కేవీఏఆర్‌లలో చెప్తారు. దాన్ని కెపాసిటర్ పక్కనుంచే అందిస్తే లైను మీద భారం తగ్గుతుంది, కేవీఏ తగ్గుతుంది. డిమాండును కేవీఏలోనే కొలుస్తారు కాబట్టి ఒకే దెబ్బకు రెండూ తగ్గడం సాధ్యమే.

మా లెక్క ఇలా వచ్చింది. 34 కేవీఏ, 0.72 అంటే అసలు పని లోడు 24.5 కిలోవాట్లు. దాన్ని 0.97కి తేవాలంటే (φ1, φ2 అంటే కొసైన్ విలువలు 0.72, 0.97 అయ్యే కోణాలు):

```
kVAR = kW × (tan φ1 − tan φ2)
     = 24.5 × (0.964 − 0.251)
     ≈ 17.5
```

అదే 24.5 కిలోవాట్లు 0.97 దగ్గర 25 కేవీఏ మాత్రమే. పెనాల్టీ పోతుంది, డిమాండూ ఒప్పందంలోపలికి వస్తుంది. ఈ లెక్క చూసి సంబరపడి, జాగ్రత్త కోసం కొంచెం తగ్గించి 15 కేవీఏఆర్ ఒకటి మెయిన్ స్విచ్ తర్వాత నేరుగా బిగించేశాం.

తప్పు జరిగింది అక్కడే. ఆ 17.5 అనేది నెలలో అన్నిటికంటే బరువైన అరగంటకు వేసిన లెక్క. రోజుకు పది గంటలు, 26 రోజులు పని అనుకుంటే మా సగటు లోడు 11.6 కిలోవాట్లే. దానికి మోటార్లు అడిగే ఉత్త కరెంటు అంతా కలిపినా 11 కేవీఏఆర్ చిల్లర. భోజనాల వేళ అది రెండు మూడుకు పడిపోతుంది. రాత్రి సున్నా. కెపాసిటర్‌కి ఇవేమీ తెలియవు, అది ఇరవైనాలుగు గంటలూ ఇస్తూనే ఉంటుంది. అవసరానికి మించి ఇచ్చినది లైన్లోకి ఎదురు పోతుంది. దాన్నే లీడింగ్ అంటారు.

పక్క షెడ్డులో మోటార్లు చుట్టే పెద్దాయన ఒకరు ఉన్నారు. కెపాసిటర్ పెట్టానని గొప్పగా చెప్తే ఒకే మాట అన్నారు: "తాళం వేసుకుని పోతున్నావు సరే, మీటరు కూడా పడుకుంటోందా, చూశావా?" ఆ సాయంత్రం ఏడింటికి, మర్నాడు ఉదయం తొమ్మిదింటికి రీడింగ్ రాసుకున్నాను. కిలోవాట్ అవర్లు మూడు కదిలాయి, అది గేటు దగ్గర లైటు. కేవీఏ అవర్లు మాత్రం 190 కదిలాయి! మనిషి లేని షెడ్డులో కెపాసిటర్ ఒక్కటే పద్నాలుగు గంటలు తిప్పింది. ఆ కెపాసిటర్ మీద రాసింది 440 వోల్టుల రేటింగు. మా లైను 415 చుట్టూ ఉంటుంది కాబట్టి 15 అని రాసి ఉన్నది నిజానికి 13 చిల్లరే ఇస్తుంది. పద్నాలుగుతో గుణిస్తే లెక్క సరిగ్గా అక్కడికే వచ్చింది. నేను కళ్ళు తెరిచేసరికి పెట్టి పన్నెండు రోజులైంది, మధ్యలో రెండు ఆదివారాలు.

కాబట్టి మీరు ముందు చూడాల్సింది మీ మీటరు సంగతి. కొన్ని మీటర్లు ల్యాగింగ్ వైపు, అంటే మోటార్లు ఉత్త కరెంటు లాగే వైపు కేవీఏ అవర్లనే లెక్కిస్తాయి, లీడింగ్‌ను పట్టించుకోవు. కొన్ని రెండూ కలుపుతాయి. మాది రెండూ కలిపే రకం. మీదేదో తెలియాలంటే టారిఫ్ పత్రం చదవొచ్చు. ఇప్పటికే ఏదైనా కెపాసిటర్ లైన్లో ఉంటే ఒక రాత్రి రీడింగ్ రాసుకున్నా చాలు, తెలిసిపోతుంది.

తర్వాత చేసింది ఇది. ఒకటే పెద్దది తీసేసి, చిన్నవి ఒక్కో మిషన్ దగ్గర పెట్టాం. రెండు లేత్‌లకు, ప్రెస్‌కు రెండేసి, మిల్లింగ్‌కు ఒకటి, కంప్రెసర్‌కు మూడు, వెల్డింగ్ సెట్లకు నాలుగేసి కేవీఏఆర్. మొత్తం 18. మిషన్ స్టార్టర్ నొక్కితేనే దాని కెపాసిటర్ లైన్లోకి వస్తుంది, ఆపితే అదీ పోతుంది. రాత్రికి షెడ్డులో ఒక్క కెపాసిటర్ కూడా బతికి ఉండదు.

ఇందులో మూడు జాగ్రత్తలు ఉన్నాయి, వీటిని ఎలక్ట్రీషియన్‌తో కూర్చుని మాట్లాడండి.

మోటారుకు పెట్టే కెపాసిటర్ ఎంత ఉండాలంటే, అది తీసుకునే కరెంటు మోటారు ఖాళీగా తిరిగేటప్పటి కరెంటులో తొంభై శాతం దాటకూడదు. దాటితే స్విచ్ తీశాక, ఇంకా తిరుగుతున్న మోటారు ఆ కెపాసిటర్ ఆసరాతో తానే జనరేటర్‌లా వోల్టేజి పుట్టిస్తుంది. వైండింగ్‌కు అది మంచిది కాదు. "పెద్దది పెడితే ఇంకా మంచిది కదా" అని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి.

రెండోది స్టార్టర్ లోపల ఎక్కడ కలపాలనేది. ఓవర్‌లోడ్ రిలే తర్వాత, మోటారు వైపు కలిపితే రిలేకు కనిపించే కరెంటు తగ్గిపోతుంది. అప్పుడు పాత సెట్టింగ్ వదిలేస్తే మోటారు కాలేదాకా ట్రిప్ అవ్వదు. మేం కాంటాక్టర్‌కీ రిలేకీ మధ్య కలిపాం, సెట్టింగ్ మార్చే పని పడలేదు. కంప్రెసర్‌ది స్టార్ డెల్టా స్టార్టర్. అక్కడ మోటారు టెర్మినల్స్ మీద నేరుగా కలపకూడదు, స్టార్ నుంచి డెల్టాకు మారే క్షణంలో దెబ్బ తగులుతుంది. డెల్టా కాంటాక్టర్ పడ్డాకే పడేలా కెపాసిటర్‌కు వేరే చిన్న కాంటాక్టర్ పెట్టించాం.

మూడోది, ఏదైనా మిషన్‌కు మోటారు వేగం మార్చే వీఎఫ్‌డీ డ్రైవ్ ఉంటే దాని అవుట్‌పుట్ వైపు కెపాసిటర్ జోలికే పోవద్దు, డ్రైవ్ పోతుంది. డ్రైవ్‌లు, ఇన్వర్టర్ వెల్డింగ్ సెట్లు ఎక్కువైతే లైన్లో కరెంటు అలను వంకర చేసే హార్మోనిక్స్ చేరి మామూలు కెపాసిటర్లు వేడెక్కి ఉబ్బుతాయి. అప్పుడు రియాక్టర్‌తో కలిపి ఇచ్చేవి కావాలి. మిషన్లు చాలా ఉండి ఒక్కోదానికి పెట్టడం కుదరకపోతే, అవసరాన్ని బట్టి దానంతటదే కలిపి విడదీసే ఏపీఎఫ్‌సీ ప్యానెల్ ఉంది. మన సైజు షెడ్డుకు దాని ఖర్చు దండగ అనేది నా అభిప్రాయం.

మర్నెల 3,010 కిలోవాట్ అవర్లకు 3,130 కేవీఏ అవర్లు పడ్డాయి. 0.96. డిమాండ్ 25.

ఇక డిమాండ్ సంగతి. అన్ని మోటార్లూ ఒకేసారి స్టార్ట్ చేస్తే డిమాండ్ ఎగిరిపోతుందని చాలామంది భయపెడతారు. మీటరు క్షణం క్షణం చూడదు. 15 లేదా 30 నిమిషాల సగటు తీసి, నెలలో అలాంటి ముక్కలన్నిటిలో పెద్దదాన్ని పట్టుకుంటుంది. పది కేవీఏ మోటారు స్టార్టింగ్‌లో ఆరు రెట్లు లాగిందనుకోండి, ఆరు సెకన్లు. అరగంట సగటులో దాని వాటా 0.2 కేవీఏ. అది కాదు మన శత్రువు. అరగంట పాటు ఒకదానిమీద ఒకటి పడి నడిచే బరువులు.

అవెప్పుడు పడ్డాయో మా మీటరే చెప్పింది. డిస్‌ప్లే బటన్ నొక్కుతూ పోతే గరిష్ఠ డిమాండ్‌తో పాటు తేదీ, సమయం కూడా వస్తాయి. వరుసగా రెండు నెలలూ సోమవారం ఉదయం పది లోపే. ఆలోచిస్తే అర్థమైంది: ఆదివారం చల్లారిపోయిన ఓవెన్ గంటసేపు ఆగకుండా లాగుతుంది, లీకులతో ఖాళీ అయిన కంప్రెసర్ ట్యాంకు నింపుకుంటుంది, అదే సమయానికి వెల్డింగ్ రెండు సెట్లూ మొదలు. తాళం తీసే కుర్రాడు ఎనిమిదింటికే వస్తాడు. రాగానే కంప్రెసర్ నింపి ఆపేసి, ఓవెన్ వేయమన్నాను. తొమ్మిదిన్నరకు మిగతావి మొదలయ్యేసరికి ఓవెన్ వేడెక్కి, అప్పుడప్పుడు మాత్రమే లాగుతుంది. పని ఏమీ తగ్గలేదు, డిమాండ్ 25 నుంచి 21కి దిగింది.

దిగినా బిల్లులో ఆ మేరకు తగ్గలేదు! వాడకం ఎంత తక్కువైనా ఒప్పందంలో 80 శాతానికి డిమాండ్ ఛార్జి కట్టించుకోవడం మా టారిఫ్‌లో ఉంది. 30లో 80 శాతం అంటే 24. నేను 21కి వచ్చినా 24కే కడుతున్నాను. ఒప్పందాన్నే 25కి తగ్గించమని దరఖాస్తు పెట్టాక ఆ తేడా చేతికొచ్చింది. మీరు మాత్రం ఇది వెంటనే చేయొద్దు. పని ఎక్కువగా ఉండే నెలలు కూడా కలిసేలా కొన్ని నెలల రీడింగులు చూసి, కొత్త మిషన్ కొనే ఆలోచన లేదని తేలాకే అడగండి. మళ్ళీ పెంచుకోవాలంటే డిపాజిట్లూ తిరుగుళ్ళూ మొదటికొస్తాయి.

ఏడాది తర్వాత పవర్ ఫ్యాక్టర్ 0.96 నుంచి కొద్దికొద్దిగా జారింది. టాంగ్ టెస్టర్‌తో ఒక్కో కెపాసిటర్ మూడు వైర్లూ చూశాం. కంప్రెసర్ దగ్గరి మూడు కేవీఏఆర్‌ది మూడింటిలోనూ 3.7 ఆంపియర్లు చూపాలి. ఒకదాంట్లో 3.7, మిగతా రెండింట్లో 2.1 చొప్పున చూపింది. డెల్టాలో ఒక ఎలిమెంట్ తెగిపోతే సరిగ్గా ఇలాగే ఉంటుంది. పైకి ఉబ్బలేదు, రంగు మారలేదు, చూపుకు కొత్తదానిలాగే ఉంది. మెయిన్ తీసి, ఐదు నిమిషాలు ఆగి, టెర్మినల్స్ మధ్య వోల్టేజి లేదని చూసుకుని మార్చాం. లోపల డిశ్చార్జి రెసిస్టర్ ఉన్నా దాన్ని నమ్మి వెంటనే చేయి పెట్టకండి, అదీ తెగిపోయి ఉండొచ్చు.