అమ్మకాలు పెరిగినా ఖాతాలో డబ్బెందుకు లేదు?

ప్రశ్న: హోల్‌సేల్ వ్యాపారం నాది. ఈ ఏడాది అమ్మకాలు 40 శాతం పెరిగి 639 లక్షలకు చేరాయి. అమ్మిన సరుకు కొన్న ఖరీదు 511 లక్షలు. పన్ను, ఇంటి వాడకం పోను 20 లక్షలు మిగిలినట్టు లెక్కల్లో ఉంది. కానీ ఖాతాలో డబ్బు లేదు, పైగా 14 లక్షల ఓవర్‌డ్రాఫ్ట్ వాడేశాను. ఏడాదిలో స్టాకు 60 నుంచి 84 లక్షలకు, నాకు రావాల్సిన బాకీలు 56 నుంచి 78కి, నేను కట్టాల్సినవి 30 నుంచి 42కి పెరిగాయి. అమ్మకాలు ఇంకా పెంచితే సర్దుకుంటుందా?

జవాబు: సర్దుకోదు. ఇదే పద్ధతిలో పెంచితే ఇంకా బిగుసుకుంటుంది.

స్టాకు, రావాల్సినవి కలిపి, కట్టాల్సినవి తీసేయండి. నిరుడు 86 లక్షలు, ఇప్పుడు 120. వ్యాపారంలో అదనంగా 34 లక్షలు ఇరుక్కున్నాయి. అందులో 20 మీ లాభం, 14 బ్యాంకుది.

రోజుల్లో చూస్తే కారణం తెలుస్తుంది. కొన్న ధరలో రోజుకు 1.4 లక్షల సరుకు కదులుతోంది. కాబట్టి స్టాకు 60 రోజులు మీ దగ్గరే ఉంటోంది. అమ్మకం రోజుకు 1.75 లక్షలు, బాకీ వసూలుకు 45 రోజులు పడుతోంది. సరఫరాదారు మీకిచ్చే గడువు 30 రోజులే. 60కి 45 కలిపి 30 తీసేస్తే 75. సరుకుకు మీరు డబ్బు కట్టాక, అది తిరిగి చేతికి రావడానికి 75 రోజులన్నమాట. నిరుడూ ఇంతే. మీరేం అజాగ్రత్తగా లేరు, అదే 75 రోజులకు ఇప్పుడు పెద్ద మొత్తం పెట్టాల్సి వస్తోంది, అంతే.

చాలామంది ముందుగా సరఫరాదారుకు ఆలస్యంగా కడదామనుకుంటారు. నేనైతే దాని జోలికి వెళ్లను. 30 రోజుల గడువులో పది రోజుల్లోపు కడితే 2 శాతం తగ్గింపు ఇస్తున్నారనుకోండి. దాన్ని వదులుకుంటే, మిగతా 20 రోజుల వాడకానికి మీరు కట్టే వడ్డీ ఏడాదికి 37 శాతం చొప్పున పడుతుంది. దానికంటే ఓవర్‌డ్రాఫ్టే చవక.

మొదట స్టాకు చూడండి. 60 రోజులన్నది సగటు మాత్రమే. ఐటెమ్ వారీగా చివరిసారి అమ్మిన తేదీ తీయిస్తే, కొన్ని 20 రోజుల్లో పోతుంటాయి, కొన్ని ఆరు నెలలుగా కదలకుండా పడుంటాయి. కదలనివాటిని కొన్న ధరకే అయినా వదిలించుకోండి, మళ్లీ ఆర్డర్ పెట్టకండి. సగటు 45కి దిగితే 15 రోజుల సరుకు, అంటే 21 లక్షలు బయటికొస్తాయి. ఓవర్‌డ్రాఫ్ట్ తీరిపోయి ఇంకా మిగులుతుంది. అయితే ఈ డబ్బు ఒక్కసారే వస్తుంది. వచ్చే ఏడాది మళ్లీ పెరిగితే మళ్లీ పెట్టుబడి కావాలి.

బాకీలదీ ఇదే తీరు. బిల్లు తేదీల వారీగా విడదీసి, 60 రోజులు దాటినవాళ్లకు పాతది తీరేదాకా కొత్త అరువు ఆపండి. అలా ఆపితే తగ్గే అమ్మకాల గురించి టెన్షన్ పడొద్దు, అవి ఎలాగూ మీ ఓవర్‌డ్రాఫ్ట్ డబ్బుతో జరుగుతున్నవే.

ఈ లెక్క ఏడాది చివరి రోజు అంకెలతో వేశాను. ఆ రోజు స్టాకు మామూలుకంటే తక్కువుండి ఉంటే, నెలాఖరు అంకెల సగటుతో మరోసారి వేసుకోండి.