టెక్ సందేహాలు: సపోర్ట్ నుంచి క్లౌడ్‌కు మారాలంటే రెజ్యూమె సమ్మరీ ఎలా ఉండాలి?

ప్రశ్న: హనుమకొండలో ఒక ప్రైవేట్ ఆఫీసులో నాలుగేళ్లుగా డెస్క్‌టాప్ సపోర్ట్ చేస్తున్నాను. 120 కంప్యూటర్లు, యాక్టివ్ డైరెక్టరీ నేనే చూస్తాను. 2024లో ఏడబ్ల్యూఎస్ క్లౌడ్ ప్రాక్టీషనర్, 2025లో సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ పాసయ్యాను. ఏనుమాముల మార్కెట్లో మా బాబాయికి మిర్చి అడ్తి దుకాణం ఉంది. ఆయన ట్యాలీ డేటాకు ఎస్3లో బ్యాకప్ పెట్టాను. సమ్మరీలో 'క్లౌడ్‌పై అమితాసక్తి గల, కష్టపడి పనిచేసే క్లౌడ్ ఇంజినీర్' అని రాశాను. ఒక్క కాల్ కూడా రావట్లేదు. ఏం మార్చాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముందు ఆ 'క్లౌడ్ ఇంజినీర్' తీసేయండి. కింద అనుభవంలో డెస్క్‌టాప్ సపోర్ట్ అని ఉంటే, చదివేవాళ్లకు పై మాట మీదే అనుమానం వస్తుంది. మీకున్న అసలు బలం బాబాయి దుకాణంలో చేసిన పని. సమ్మరీలో దాని ఊసే లేదు.

ఆ పనిలో గుండెకాయ ఈ ఒక్క లైనే అయి ఉంటుంది:

```
aws s3 sync D:\TallyBackup s3://bucket-name/tally
```

ఇది ఎవరైనా టైప్ చేయగలరు. ఇంటర్వ్యూలో అడిగేది దీని చుట్టూ ఉన్న సంగతులు. చేతితో నడిపితే చక్కగా పనిచేసిన ఈ కమాండ్, టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టగానే `Unable to locate credentials` అనొచ్చు. మీరు `aws configure` చేసినప్పుడు కీ మీ యూజర్ ఫోల్డర్‌లోని `.aws` లో పడుతుంది. టాస్క్‌ను సిస్టమ్ అకౌంట్‌తో నడిపితే అది అక్కడ వెతకదు. టాస్క్‌ను అదే యూజర్ పేరు మీద నడిపితే సరిపోతుంది. యూజర్ ప్రొఫైళ్లతో రోజూ కుస్తీ పట్టే సపోర్ట్ మనిషికి ఇది ఇట్టే తట్టాలి. మీ పాత పని కొత్త పనికి ఎలా అక్కరకొస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

రెండోది వెర్షనింగ్. దుకాణం కంప్యూటర్‌లో రాన్సమ్‌వేర్ దూరి ఫైళ్లను పాడుచేస్తే, ఆ రాత్రి సింక్ పాడైన ఫైళ్లనే పైకి పంపి మంచివాటి మీద రాసేస్తుంది. బకెట్‌లో వెర్షనింగ్ ఆన్ చేసి ఉంటే పాత ప్రతి అడుగున భద్రంగా ఉంటుంది. పైకి పంపే యూజర్‌కు `s3:PutObject`, `s3:ListBucket` మాత్రమే ఇవ్వండి. తొలగించే హక్కు వద్దు. పాత వెర్షన్లు పేరుకుపోతే బిల్లు పెరుగుతుంది కాబట్టి, 90 రోజులు దాటినవి పోయేలా లైఫ్‌సైకిల్ రూల్ పెట్టండి. ట్యాలీ తెరిచి ఉండగా డేటా ఫోల్డర్‌ను నేరుగా సింక్ చేయొద్దు. సాయంత్రం దుకాణం కట్టేశాక ట్యాలీలోనే బ్యాకప్ తీసి, ఆ ఫోల్డర్‌ను పంపాలి.

ఇవన్నీ చేసి, పాత వెర్షన్‌ను వేరే ల్యాప్‌టాప్‌లోకి దించి ట్యాలీలో తెరిచి చూశారా? చూడకపోతే ఈ ఆదివారం ఆ పని కానివ్వండి. నిన్నటి లావాదేవీలు కనబడేదాకా దాన్ని బ్యాకప్ అనడానికి లేదు, రెజ్యూమెలో రాయడానికీ లేదు.

అదయ్యాక సమ్మరీని ఇంగ్లిష్‌లో, ఈ వరుసలో రాయండి:

*ఐటీ సపోర్ట్‌లో 4 ఏళ్లు. 120 కంప్యూటర్లు, యాక్టివ్ డైరెక్టరీ నిర్వహణ. ఏడబ్ల్యూఎస్ క్లౌడ్ ప్రాక్టీషనర్ (2024), సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ (2025). ఒక చిన్న వ్యాపారం అకౌంట్స్ డేటాకు ఎస్3లో రోజువారీ బ్యాకప్ ఏర్పాటు చేసి, పరిమిత హక్కులు, వెర్షనింగ్ పెట్టి, పాత ప్రతి నుంచి డేటా తిరిగి తెచ్చి పరీక్షించాను. క్లౌడ్ సపోర్ట్ లేదా జూనియర్ క్లౌడ్ అడ్మిన్ ఉద్యోగం కావాలి.*

ఈ ఐదు వాక్యాలు చాలు. సర్టిఫికెట్ల పక్కన సంవత్సరాలు తప్పక ఉండాలి. సపోర్ట్ చేస్తూనే ఒక్కో మెట్టు ఎక్కారని అవే చెబుతాయి. ఏడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ మూడేళ్లే చెల్లుతుంది కాబట్టి గడువు గుర్తుంచుకోండి. ప్రాక్టీషనర్ పరీక్ష బేసిక్ స్థాయిది, సేల్స్ వాళ్లూ రాస్తారు. దాన్ని నమ్ముకుని అడ్మిన్ ఉద్యోగం అడగలేం. మీ దగ్గర అసోసియేట్ ఉంది కాబట్టి ఆ టెన్షన్ లేదు. కంపెనీ అజూర్ వాడేదైతే తర్వాతి పరీక్షగా `AZ-104` చూడండి. యాక్టివ్ డైరెక్టరీ చేసినవాళ్లకు అందులో యూజర్లు, గ్రూపుల భాగం కొట్టినపిండి. దాని గడువు ఏడాదే అయినా, ఆన్‌లైన్‌లో ఉచితంగా రెన్యూ చేసుకోవచ్చు.

ప్రాజెక్ట్‌ను గిట్‌హబ్‌లో పెట్టేటప్పుడు స్క్రిప్ట్, హక్కుల పాలసీ, రిస్టోర్ చేసిన పద్ధతి పెట్టండి. బాబాయి లెక్కలు కనబడే స్క్రీన్‌షాట్లు వద్దు. యాక్సెస్ కీ పొరపాటున ఎక్కితే ఆ ఫైల్ తీసేసినంత మాత్రాన సరిపోదు, పాత కమిట్లలో అది అలాగే ఉంటుంది. వెంటనే ఏడబ్ల్యూఎస్ కన్సోల్‌లోకి వెళ్లి ఆ కీని డీయాక్టివేట్ చేసి, కొత్తది తీసుకోండి.