ఫైవ్ స్టార్‌కు పది శాతం తగ్గింపు ఇవ్వొచ్చా?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారమండి. మాది ఆత్రేయపురం. ఇంట్లో ఆడవాళ్లమే కలిసి పూతరేకులు చుట్టి, రోడ్డు పక్కన చిన్న కొట్టు పెట్టి అమ్ముతున్నాం. హైదరాబాదు, బెంగళూరు పార్శిళ్లు కూడా పంపుతాం. తిన్నవాళ్లు బాగున్నాయని ఫోన్ చేసి మరీ చెబుతారు కానీ గూగుల్‌లో రాయరు. మా మేనల్లుడు ఒక బోర్డు పెట్టాడు: ఫైవ్ స్టార్ ఇచ్చి చూపిస్తే బిల్లులో పది శాతం తగ్గిస్తాం అని. డబ్బా మీద క్యూఆర్ కోడ్ కూడా వేయించాడు. స్కాన్ చేస్తే ‘నచ్చిందా?’ అని అడుగుతుంది. నచ్చిందంటే గూగుల్‌కు పోతుంది, లేదంటే మా వాట్సాప్‌కు వస్తుంది. మా చుట్టాలు కూడా కొందరు రివ్యూలు రాశారు. పక్క కొట్టువాళ్లూ ఇలాగే చేస్తున్నారట. దీంట్లో తప్పేమైనా ఉందా? 
– ఒక సోదరి, ఆత్రేయపురం

జవాబు: ఆ బోర్డు ఈ రోజే తీసేయించండమ్మా. డబ్బా మీద క్యూఆర్ కోడ్ ఉండొచ్చు కానీ, అది తెరిచే పేజీ మారాలి. రివ్యూ రాయమని అడగడం మాత్రం తప్పు కాదు. గూగుల్ కూడా అడగమనే చెబుతుంది, అందుకు కావలసిన లింకు తనే ఇస్తుంది. అడిగే తీరులోనే చిక్కంతా ఉంది.

ముందు తగ్గింపు సంగతి. రివ్యూకు బదులుగా డబ్బు, తగ్గింపు, ఉచిత సరుకు, ఏది ఇచ్చినా గూగుల్ నియమాలకు విరుద్ధమే. చాలామంది నాతో అనే మాట ఒకటుంది: ‘మంచిగానే రాయమనడం లేదు కదండీ, ఏదో ఒకటి రాస్తే చాలంటున్నాం.’ అలా అన్నా కుదరదు. మెచ్చుకుంటూ రాసినా, తిడుతూ రాసినా, ప్రతిఫలం ఇచ్చి రాయించారంటే అది నిషిద్ధమే. రివ్యూ రాసినవాళ్ల పేర్లతో లక్కీ డ్రా తీసినా అంతే. ఇచ్చిన చెడ్డ రివ్యూ తీసేస్తే డబ్బు వెనక్కి ఇస్తామనడం కూడా దీని కిందికే వస్తుంది.

మీరు తగ్గింపు ఇవ్వాలనుకుంటే రివ్యూతో ముడిపెట్టకుండా ఇవ్వండి. రెండోసారి కొన్న ప్రతివారికీ పది శాతం తగ్గించండి, ఎవరూ కాదనరు. కొట్టుకు వచ్చినవాళ్లందరికీ ఒక్కో పూతరేకు రుచి చూపించండి, అదీ తప్పు కాదు. ఒక్క జాగ్రత్త చెబుతాను. తగ్గింపు కూపనూ రివ్యూ కోడూ ఒకే కార్డు మీద అచ్చు వేయకండి. మీ మనసులో రెండింటికీ సంబంధం లేకపోయినా, చదివినవాడు కలిపే చదువుకుంటాడు. రేపు ఎవరైనా ఆ కార్డు ఫొటో తీసి గూగుల్‌కు పంపితే, సంబంధం లేదని నిరూపించుకోవడం మీకు కష్టమవుతుంది.

ఇక క్యూఆర్ కోడ్. దాన్ని చాలామంది తెలివైన పని అనుకుంటున్నారు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. సంతోషించినవాళ్లను ఏరి గూగుల్‌కు పంపడం, నొచ్చుకున్నవాళ్లను పక్కదారి పట్టించడం గూగుల్ పేరుపెట్టి నిషేధించిన పని. మీరు ఎవరి నోరూ నొక్కలేదు, ఎవరికీ డబ్బు ఇవ్వలేదు, నిజమే. కానీ దాని ఫలితం ఎలా ఉంటుందో మీ సరుకుతోనే చూడండి. పూతరేకు ఎంత పెళుసో మీకు నేను చెప్పాలా? ఎండాకాలంలో వంద పార్శిళ్లు పంపారనుకుందాం. కొరియరువాళ్లు డబ్బాలు విసిరేయడంతో పది పార్శిళ్లలో రేకులు పొడై చేరాయి. ఆ పదిమందీ మీ పేజీలో ‘నచ్చలేదు’ నొక్కుతారు, వాట్సాప్‌కు వస్తారు. మీరు మంచివాళ్లు కాబట్టి మళ్లీ పంపుతారు కూడా. కానీ మర్నాడు కూకట్‌పల్లిలో కూర్చుని మీ రివ్యూలు చదివే మనిషికి ఆ పదిమంది సంగతి తెలియదు. పార్శిల్ ఎప్పుడూ చెక్కుచెదరకుండా వస్తుందనుకుని, తద్దినానికో పెళ్లికో ఆర్డరు పెడతాడు. కొనేముందు అతనికి తెలియవలసిన విషయాన్ని మీ పేజీ దాచింది.

సాఫ్ట్‌వేర్ లేకుండా కూడా ఇదే తప్పు జరుగుతుంది. ‘నచ్చితే గూగుల్‌లో రాయండి, నచ్చకపోతే మాకు చెప్పండి’ అన్న బోర్డు రావులపాలెం నుంచి అమలాపురం దాకా ఎన్ని హోటళ్లలో చూశానో. మర్యాదగా వినిపించినా అది చేసే పని మీ పేజీ చేసేదే. దాన్ని ఇలా మార్చండి: ‘మీ అభిప్రాయం గూగుల్‌లో రాయండి. ఏదైనా ఇబ్బంది ఉంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి.’ ఇప్పుడు రెండు దారులూ అందరికీ తెరిచే ఉన్నాయి, ఏది ఎంచుకోవాలో కొన్నవాళ్ల ఇష్టం. ఫిర్యాదు నంబరు పెట్టడం మంచి పనే. అది గూగుల్ లింకు పక్కన ఉండాలి, దానికి బదులుగా ఉండకూడదు.

ఇవన్నీ కొనసాగిస్తే ఏమవుతుంది? మొదటి దెబ్బ కోర్టు నుంచి కాదు, గూగుల్ నుంచే పడుతుంది. అనుమానం వచ్చిన రివ్యూలను తీసేస్తుంది. మరీ ఎక్కువైతే కొంతకాలం మీ కొట్టుకు కొత్త రివ్యూలు రానివ్వదు, ఉన్నవాటిని కూడా కనపడకుండా చేయగలదు, నకిలీ రివ్యూలు తొలగించామని మీ పేజీ మీదే హెచ్చరిక పెట్టగలదు. ఏళ్ల తరబడి నిజంగా తిని రాసినవాళ్ల మాటలు కూడా వాటితోపాటే మరుగున పడతాయి. నన్ను బాధపెట్టేది అదే.

చట్టం కూడా ఊరుకోదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచిపెట్టే ప్రచారం తప్పుదోవ పట్టించే ప్రకటన కిందికి వస్తుంది. ఇలా పోగుచేసిన స్టార్లను డబ్బా మీదో ఇన్‌స్టాగ్రామ్‌లోనో ‘4.9 రేటింగ్’ అని చాటుకుంటే మీరు ఆ గీత దగ్గరకు వెళ్లినట్టే. తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 21వ సెక్షన్ కింద మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయొచ్చు. ఇంటి కొట్టు మీదికి రేపే వస్తారని భయపెట్టడం లేదు. కానీ ఇంకో సంగతి మరచిపోకండి. ఆ చట్టం కింద కొన్నవాడు తానుండే ఊళ్లోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు. హైదరాబాదు ఖాతాదారు కేసు వేస్తే వాయిదాలకు జవాబు చెప్పుకోవలసింది అక్కడే.

చుట్టాల రివ్యూల విషయంలో మొహమాటపడకండి. కొట్టులో పనిచేసేవాళ్లు, అందులో వాటా ఉన్నవాళ్లు, మీ ఇంట్లోవాళ్లు రాసినవి తీయించేయండి. దూరపు చుట్టం డబ్బు పెట్టి కొని, తిని, ఎవరూ చెప్పకుండా రాసిందైతే దాని జోలికి పోనక్కరలేదు. తీసేయడం తేలికే. రాసినవాళ్లు తమ ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి, తమ ప్రొఫైల్‌లో ఆ రివ్యూ పక్కనున్న మూడు చుక్కలు నొక్కితే Delete review కనిపిస్తుంది. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకు ఈ విషయంలో సూటి నిబంధనే ఉంది. ఈ-కామర్స్ నియమాలు 2020 ప్రకారం అమ్మేవాడు కొన్నవాడిలా నటించి రివ్యూ పెట్టకూడదు. రేపు మీరు సొంత వెబ్‌సైటు పెట్టినా, అమెజాన్‌లో అమ్మినా ఇది మీకు వర్తిస్తుంది. అమెజాన్‌లో అయితే డబ్బాలో ‘మంచి రివ్యూ ఇవ్వండి’ అన్న చీటీ కూడా పెట్టకూడదు. సరుకు చేరిన 5 నుంచి 30 రోజుల మధ్య Request a Review అన్న బటన్ నొక్కితే, అడగవలసిన మాట వాళ్లే అడుగుతారు.

మరి ఎలా అడగాలి? మీ కొట్టు పేరు మీదున్న గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లోకి వెళ్తే రివ్యూల దగ్గర Get more reviews లేదా Ask for reviews అని ఉంటుంది. అక్కడ లింకూ, క్యూఆర్ కోడూ దొరుకుతాయి. మేనల్లుడి పేజీ తీసేసి, కోడ్ స్కాన్ చేయగానే నేరుగా ఆ లింకే తెరుచుకునేలా చేయండి. కొట్టు దగ్గర కొన్నవాళ్లకు డబ్బా కట్టి ఇచ్చేటప్పుడు ఒక్క మాట చెప్పండి చాలు. వాళ్ల ఫోన్ తీసుకుని మీరు నొక్కొద్దు, రాసేదాకా పక్కన నిలబడొద్దు. మీ ఫోన్ నుంచి వాళ్ల పేరుతో రాయించడం అసలే వద్దు.

పార్శిళ్లకు మరింత బాగా కుదురుతుంది, ఎందుకంటే మీ దగ్గర పుస్తకంలో అందరి నంబర్లూ ఉంటాయి. అయితే ఆ నంబరు సరుకు పంపడానికని తీసుకున్నది. అందుకే ఆర్డరు తీసుకునేటప్పుడే ‘చేరాక ఒక మెసేజ్ పెట్టి అభిప్రాయం అడుగుతామండి, సరేనా?’ అని అడిగి, సరేనన్నవాళ్ల పేరు దగ్గర టిక్కు పెట్టుకోండి. పార్శిల్ చేరిన రెండో రోజున, టిక్కున్న ప్రతి ఒక్కరికీ ఒకే మెసేజ్ పంపండి. ఫోన్‌లో మెచ్చుకున్నవాళ్లను ఏరి వాళ్లకే పంపారో, మళ్లీ మొదటికి వస్తారు. మెసేజ్ ఇలా ఉంటే చాలు:

‘నమస్కారమండి, ఆత్రేయపురం నుంచి. మీ పూతరేకులు చేరాయనుకుంటున్నాం. ఎలా ఉన్నాయో, ప్యాకింగ్ ఎలా వచ్చిందో ఉన్నదున్నట్టు ఇక్కడ రాస్తే మిగతావాళ్లకు ఉపయోగం. ఏదైనా తేడా వస్తే ఈ నంబరుకే చెప్పండి, చూసుకుంటాం.’

‘ఫైవ్ స్టార్’ అన్న మాట అందులో లేదు, గమనించారా? ప్యాకింగ్ గురించి అడిగాం కాబట్టి, రాసేవాళ్లకు ఏం రాయాలో తోచక ‘సూపర్’ అని వదిలేయరు. ఒకసారి అడిగాక మళ్లీ గుర్తుచేయొద్దు. వద్దన్నవాళ్ల పేరు పుస్తకంలో కొట్టేయండి.

ఫోన్‌లోనూ వాట్సాప్‌లోనూ వచ్చే మెప్పులను కూడా వాడుకోవచ్చు. పంపినవాళ్లను అడిగి, పేరూ నంబరూ కనపడకుండా పెట్టుకోండి. ‘రుచి బాగుంది కానీ సగం విరిగిపోయాయి’ అని రాస్తే మొదటి సగం మాత్రమే కత్తిరించి పెట్టకూడదు. సొంత వెబ్‌సైటులో రివ్యూలు చూపించాలనుకుంటే భారతీయ ప్రమాణాల సంస్థ ఆన్‌లైన్ రివ్యూల కోసం 2022లో తెచ్చిన ఐఎస్ 19000 అనే ప్రమాణం ఉంది. పాటించడం ప్రస్తుతానికి స్వచ్ఛందమే అయినా, మంచివాటిని మాత్రమే ఏరి చూపించొద్దన్నది అందులో ముఖ్యమైన సంగతి కాబట్టి దాని ప్రకారమే నడుచుకోమంటాను.

ఇలా అందరినీ అడిగితే ఒకటీ రెండూ చెడ్డవి వస్తాయి. రేకులు పొడైపోయాయని ఒకరు రెండు స్టార్లు ఇచ్చారనుకోండి. దాని కిందే జవాబు రాయండి: ఏ జాగ్రత్త తీసుకోలేకపోయారో, ఇప్పుడు ప్యాకింగ్‌లో ఏం మార్చారో, కొత్త పార్శిల్ పంపుతున్నారో లేదో. పంపేదేదో రివ్యూ మారుస్తారన్న షరతు లేకుండా పంపండి. తర్వాత ఆయనే మార్చుకుంటే అది ఆయన ఇష్టం.

పక్క కొట్టు సంగతి వాళ్లతో గొడవపడి తేల్చుకోనక్కరలేదు. వాళ్ల రివ్యూల్లో నకిలీవని గట్టి కారణంతో అనిపించినవాటిని మ్యాప్స్‌లోనే రిపోర్ట్ చేయొచ్చు, తగ్గింపు బోర్డు ఉంటే ఫొటో తీసి ఉంచుకోండి. ఫిర్యాదు చేయాలనుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. వాళ్ల పేజీలో మీవాళ్లెవరూ చెడ్డ రివ్యూలు రాయకుండా మాత్రం చూసుకోండి, ముఖ్యంగా మీ మేనల్లుడు.