ఫోటోలో టోటల్ ఒక్కటే చూడకండి

ప్రశ్న: హైదరాబాద్‌లో ముగ్గురం ఫ్లాట్ తీసుకుని ఉంటున్నాం. మాలో పెద్దామెను అక్కా అని పిలుస్తాం. ఏసీ తన గదిలో మాత్రమే ఉంది. కరెంటు బిల్లు తనే కడుతుంది. ఈ నెల టోటల్ మాత్రం కనిపించేలా ఫోటో కట్ చేసి గ్రూపులో పెట్టి, 2,980ని మూడు భాగాలు చేసి తలా 993 పంపమంది. గత నెల నేను 220 పంపాను. బిల్లు టీవీ దగ్గర కనబడితే మొత్తం ఫోటో తీసి మీకు పంపుతున్నాను. అడిగితే అనుమానించినట్టు ఉంటుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ ఫోటోలో నేను ముందు చూసింది టోటల్‌కి పైనున్న బకాయి గడి. అక్కడ 660 ఉంది. అంటే మీరు ముగ్గురూ గత నెల ఇచ్చిన 220 చొప్పున మొత్తం. అదే సొమ్ము మళ్లీ ఈ నెల లెక్కలోకి వచ్చేసింది.

ఇది చూడగానే అక్క ఆ డబ్బులు వాడేసుకుందని అనుకోకండి. రీడింగ్‌కి ఒకటి రెండు రోజుల ముందు కడితే, ఆ చెల్లింపు ఒక్కోసారి కొత్త బిల్లులో కనిపించదు. ఆమె ఫోన్‌లో గత నెల కట్టిన రసీదు, దాని తేదీ చూస్తే తేలిపోతుంది. కట్టి ఉంటే 660 ఇప్పుడు ఎవరూ కట్టక్కర్లేదు. మర్చిపోయి ఉంటే మీరిచ్చిన డబ్బు ఆమె దగ్గరే ఉంది కాబట్టి ఆమే కట్టాలి. ఎలా చూసినా మీరు పంచుకోవాల్సింది 2,320 మాత్రమే.

ఇక ఏసీ సంగతి. బిల్లులో 340 యూనిట్లు ఉన్నాయి. వీటిలో ఏసీవి ఎన్నో బిల్లు చెప్పదు, మీటరు చెబుతుంది. ఒక రాత్రి ఏసీ వేసి, ఇంకో రాత్రి వేయకుండా, పడుకునే ముందు, లేవగానే మీటరు ఫోటో తీయండి. తెర మీద అంకెలు మారుతూ ఉంటాయి కాబట్టి పక్కన kWh అని ఉన్నప్పుడే తీయాలి. రెండు రాత్రుల తేడా 6 యూనిట్లు వచ్చిందనుకుందాం. అక్క ఏసీ వేసుకున్నది 25 రాత్రులైతే 150 యూనిట్లు. ప్రతి నెలా ఈ తంటా వద్దనుకుంటే, ఓనర్‌ని అడిగి ఏసీ లైనుకి సబ్ మీటర్ పెట్టించుకోండి.

ఆ 150 యూనిట్లకి ధర ఎంత వేయాలన్న దగ్గరే స్నేహాలు చెడతాయి. తెలంగాణలో ఇళ్ల కరెంటుకి 2022 నుంచి ఉన్న రేట్ల ప్రకారం, నెలకి 200 యూనిట్లు దాటితే పై యూనిట్లకే కాదు, మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది. సరిగ్గా 200 వాడితే యూనిట్ల చార్జీ 820. ఒక్కటి ఎక్కువై 201 అయితే దాదాపు 1,028. ఏసీ లేకపోతే మీ ముగ్గురి 190 యూనిట్లకి 772 అయ్యేది. ఇప్పుడు 340కి 2,150 అయింది. ఆ తేడా 1,378 అంతా అక్కే కట్టాలని మీరు వాదించొచ్చు.

నేనైతే అంత దూరం వెళ్లను. 190లో మీ గీజరు, ఇస్త్రీ పెట్టె కూడా ఉన్నాయి. ఆమె యూనిట్లే చివర వచ్చాయని మీటరేమీ అనదు కదా. 2,150ని 340తో భాగిస్తే యూనిట్ సగటున 6.32 పడుతుంది. ఏసీకి 150 యూనిట్లంటే 948. మిగిలిన 1,372లో ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, డ్యూటీ అన్నీ ఉన్నాయి. దాన్ని మూడు భాగాలు చేస్తే మీది 457, ఇంకో అమ్మాయిది 457, అక్కది 1,406. శ్లాబు పెరిగిన భారం మీ ఇద్దరి మీదా కొంత పడుతుంది, అది ఒప్పుకోక తప్పదు.

ఈ లెక్కని గ్రూపులో పెట్టకండి. మూడో అమ్మాయి ముందు నిలదీసినట్టవుతుంది. అక్క ఒక్కతే ఉన్నప్పుడు బిల్లు చేతిలో పెట్టి, "అక్కా, గత నెలది మళ్లీ వేశారు, రసీదు ఉందా?" అని బకాయి గడి చూపించండి. అందులో నింద లేదు, ఆమెకి కూడా లాభమే. అది తేలాక, "ఎండాకాలం అంతా ఏసీ వేస్తావు కదా, దాని యూనిట్లు వేరే రాసుకుందామా?" అనండి. ఆమె ఒప్పుకోకుండా, "నేను పెద్దదాన్ని, బిల్లు కట్టడం, ఓనర్‌తో మాట్లాడటం అన్నీ నేనే చూసుకుంటున్నాగా" అంటే, అదీ నిజమే. ఆ శ్రమకి నెలకి ఎంత తగ్గిద్దామో విడిగా మాట్లాడుకోండి, కరెంటులో కలపకండి.

వచ్చే నెల నుంచి బిల్లు ఇంటికి రాగానే పై నుంచి కింది దాకా ఫోటో తీసి పెట్టుకోండి. ఆ కాగితం మీద అక్షరాలు నెలా రెండు నెలల్లో వెలిసిపోతాయి. ఈలోగా అక్కకి 457 పంపి, "మిగతాది రసీదు చూశాక" అని ఒక్క ముక్క రాయండి.