‘ఇన్ ప్రోగ్రెస్’లో 41 రోజులు

“బెంగళూరు బెళ్లందూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నా పేరు మీద 23 టికెట్లున్నాయి, అందులో 17 హై ప్రయారిటీ. శుక్రవారం స్టేటస్ మార్చాలంటే టెన్షన్. వీటిని వరసలో పెట్టే మంచి యాప్ ఏదైనా చెప్పండి. స్క్రీన్‌షాట్ జత చేశాను.”

ముందు ఆ స్క్రీన్‌షాట్ సంగతి చూద్దాం. కుడి వైపు కామెంట్లలో ఒక క్లౌడ్ యాక్సెస్ కీ సగానికి పైగా కనిపిస్తోంది. నేను చెరిపేశాను. కానీ టికెట్‌లో పూర్తి కీ ఉన్నట్టే కదా! పైగా ఆ టికెట్ పేరే ‘పాత కీ మార్చాలి’. ప్రయారిటీ మీడియం, స్టేటస్ In Progress, అదీ 41 రోజులుగా. మీ జాబితాలో మొదట ఉండాల్సింది ఇదే. 17 హైల కింద నలిగిపోయింది.

యాప్ అక్కర్లేదు. ఇలాంటి ఉత్తరం నాకు నెలకు రెండు మూడు వస్తూనే ఉంటుంది. అందరూ కొత్త యాప్ అడిగేవాళ్లే, ఉన్న బోర్డులో ఉన్నది ఉన్నట్టు రాద్దామనేవాళ్లు తక్కువ. మీరు వాడే జిరాలో సెర్చ్ పెట్టె ఉంది, దాన్ని JQLకి మార్చి అందులో ఇది వేయండి:

```
assignee = currentUser() AND status = "In Progress" AND NOT status CHANGED AFTER -14d
```

రెండు వారాలుగా కదలని టికెట్లన్నీ బయటపడతాయి. ‘చివరి అప్‌డేట్’ తేదీని మాత్రం నమ్మకండి. ఎవరో లేబుల్ మార్చినా, ఏదో బాట్ ‘గుర్తుందా?’ అని కామెంట్ పెట్టినా ఆ తేదీ కొత్తదైపోతుంది.

వచ్చినవాటిలో ఒక్కోటీ తెరిచి ఒకటే అడగండి: ఈ వారం దీని మీద నేను చేసినదానికి గుర్తేమిటి? ఒక కమిట్, ఒక మెయిల్, ఒక టెస్ట్ ఫలితం, ఏదైనా సరే. ఏమీ లేకపోతే అది To Doకి వెనక్కి పోవాలి. ఎవరి కోసమో ఆగి ఉంటే Blocked, దాంతోపాటు ఎవరి కోసం, దేని కోసం, ఏ తేదీ నుంచి అన్నది కూడా రాయాలి. వెనక్కి జరిపితే పని చేయనట్టు కనిపిస్తుందని భయం. నిజమే, కనిపిస్తుంది. కానీ In Progress అంటే ‘దీన్ని ఒకరు చూసుకుంటున్నారు, మీరు ముట్టుకోకండి’ అని మిగతా టీమ్‌కి చెప్పడం. ఆ మాట నమ్మే సెక్యూరిటీవాళ్లు 41 రోజులు మీ జోలికి రాలేదు.

ఇక వరస. అర్జెన్సీ అంటే ఎవరు గట్టిగా అరిచారన్నది కాదు, చేయకపోతే నష్టం ఎప్పుడు మొదలవుతుందన్నది. ఇంపాక్ట్ అంటే ఆ నష్టం ఎంతమందికి, ఎంత లోతుగా అన్నది. మీ హైలలో ఒకటి రిపోర్టులో లోగో జరపడం. సోమవారం డెమో ఉంది కాబట్టి అర్జెంటే, కానీ జరపకపోయినా ఎవరి కొంపా మునగదు. కీ విషయంలో ఎవరూ అరవలేదు, అయినా నష్టం గడియారం 41 రోజుల క్రితమే మొదలైంది. ఈ రెండు ప్రశ్నలకూ ఒకే ‘ప్రయారిటీ’ గడి ఇచ్చి చేతులు దులుపుకునే టూళ్లంటే నాకు ఒళ్లు మంట. గడి ఒక్కటే ఉంటే అరిచినవాడిదే హై అవుతుంది. మీకు 17 హైలు అలాగే వచ్చాయి.

ఆ టికెట్‌లో ‘80 శాతం అయింది’ అని రాశారు. కీ మార్పిడిలో 80 శాతం అంటూ ఉండదు, పాత కీ పనిచేస్తున్నంత కాలం భద్రత విషయంలో అయింది సున్నా. కొత్త కీ పుట్టించి, వాడుతున్న సర్వీసులన్నిటినీ దాని మీదకు మార్చాలి. పాతది చివరిసారి ఎప్పుడు వాడారో క్లౌడ్ కన్సోల్‌లో చూసి, దాన్ని డియాక్టివేట్ చేయాలి. వెంటనే డిలీట్ చేస్తే, మరిచిపోయిన ఏ నైట్ జాబో ఆగినప్పుడు వెనక్కి తిప్పే దారి ఉండదు. కొద్ది రోజులు ఏదీ పగలకపోతే అప్పుడు డిలీట్. ఈలోగా లాగ్స్‌లో ఆ పాత కీతో తెలియని చోటి నుంచి ఎవరైనా వచ్చారేమో చూడండి. వచ్చి ఉంటే ఇవేవీ ఆలోచించకుండా అప్పటికప్పుడే ఆపేసి సెక్యూరిటీ టీమ్‌కి చెప్పండి. కామెంట్‌ చెరిపితే చాలనుకోకండి, అది నోటిఫికేషన్ మెయిల్‌గా ఎంతమంది ఇన్‌బాక్స్‌లో కూర్చుందో!

స్టేటస్ ఇలా రాయండి: ‘కొత్త కీ సిద్ధం. 5 సర్వీసుల్లో 4 మారాయి. బిల్లింగ్ జాబ్ మిగిలింది, దాని ఓనర్‌ని ఈరోజు అడిగాను. పాత కీ ఇంకా పనిచేస్తోంది.’ అంకెలు మీవి వేసుకోండి, ఆ చివరి వాక్యం మాత్రం తీయకండి.

ఇంకొకటి, ఈ స్టేటస్‌లు మార్చే పని గురువారం మధ్యాహ్నానికి మార్చుకోండి. శుక్రవారం సాయంత్రం బ్యాగు భుజాన వేసుకుని, మడివాళలో ఊరి బస్సు దొరుకుతుందా అని చూస్తూ కార్డులు జరిపితే అన్నీ In Progressలోనే పడతాయి. పైగా మీరు అడగాల్సిన ఆ బిల్లింగ్ ఓనర్ అప్పటికే సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఉంటాడు.