యంత్రం రాకముందే మొత్తం సొమ్ము పంపాలా?

ప్రశ్న: పలాసలో మాకు చిన్న జీడిపప్పు పరిశ్రమ ఉంది. వియత్నాం కంపెనీ నుంచి పిక్కలు కోసే యంత్రం 12,000 డాలర్లకు కొంటున్నాం. మొత్తం ముందే పంపమంటున్నారు, బ్యాంకు ఖర్చులూ మావేనట. ధర, ఖాతా వివరాలు రాసిన ప్రొఫార్మా పంపారు. వాళ్లకు ఏమని ఉత్తరం రాయాలి?

జవాబు: మొత్తం ముందే పంపకండి. అలాగని అడ్వాన్సు అసలే ఇవ్వమనీ రాయకండి. కొంత సొమ్ము అందనిదే ఏ తయారీదారూ పని మొదలుపెట్టరు. ఆర్డరుతో పాటు 30 శాతం, అంటే 3,600 డాలర్లు ఇస్తామనండి. మిగతా 8,400 డాలర్లు పత్రాలు వచ్చాక కడతామనండి. యంత్రం ఓడ ఎక్కాక ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు, అంటే బిల్ ఆఫ్ లేడింగ్, వాళ్ల బ్యాంకు నుంచి మీ బ్యాంకుకు వస్తుంది, మీరు డబ్బు కట్టి దాన్ని విడిపించుకుంటారు. ఒరిజినల్ బిల్లు లేనిదే రేవులో సరుకు వదలరు కనుక ఇద్దరికీ భద్రత ఉంటుంది. కానీ బ్యాంకు చూసేది కాగితాలనే, పెట్టెలో ఏముందో చూడదు. అందుకే యంత్రం పిక్కలు కోస్తున్న వీడియోను ఓడకు ఎక్కించే ముందే పంపమని షరతు పెట్టండి.

ఇక ప్రొఫార్మా. ముందుగా ఖాతాదారు పేరు చూడండి. అది కంపెనీ పేరే కావాలి. వ్యక్తి పేరో, మరో దేశంలోని ఖాతానో ఉంటే అక్కడే ఆగండి. తర్వాత మోటారు: వియత్నాంలో మూడు ఫేజుల కరెంటు 380 వోల్టులు, మనకు 415. మన వోల్టేజీకి సరిపోయే మోటారు అని ప్రొఫార్మాలో రాయించండి. ధర అక్కడి రేవు వరకా, విశాఖపట్నం వరకా అన్నది కూడా తేలాలి. లేకపోతే ఓడ కిరాయి మీ నెత్తిన పడుతుంది. 30, 70 శాతాల షరతు కూడా ఆ కాగితంలోకి ఎక్కాలి. మీ బ్యాంకు అడిగేది దాన్నే.

బ్యాంకు ఖర్చుల దగ్గరే ఎక్కువ పేచీలు వస్తాయి. డబ్బు పంపే ఫారంలో SHA ఎంచుకుంటే ఇక్కడి చార్జీలు మీవి, దారిలో మధ్య బ్యాంకు కోసుకునేదీ అక్కడి బ్యాంకు తీసుకునేదీ వాళ్లవి. OUR అయితే అన్నీ మీవే. SHA అన్నప్పుడు వాళ్ల ఖాతాలో 3,600కు కొంత తక్కువ పడుతుంది, దాన్ని సాకుగా చూపి పని ఆపేయవచ్చు. కాబట్టి ఉత్తరంలో ఇలా రాసి, ఇంగ్లీషులో పంపండి:

"మా బ్యాంకు చార్జీలు మేము భరిస్తాం. మధ్య బ్యాంకుల కోతలు, మీ బ్యాంకు చార్జీలు మీరు భరించాలి. మా స్విఫ్ట్ కాపీలో 3,600 డాలర్లు ఉంటే అడ్వాన్సు పూర్తిగా ముట్టినట్లే. ఖాతా వివరాలు మారాయని ఈమెయిల్ వస్తే, మీ పాత ఫోను నంబరులో మాట్లాడి నిర్ధారించుకునే వరకు చెల్లించం."

ఖర్చుల విషయంలో వాళ్లు ససేమిరా అంటే OURకు ఒప్పుకోండి, దానివల్ల పెరిగే భారం కొద్దే. 70 శాతం షరతును మాత్రం వదలకండి.

యంత్రం దిగాక కస్టమ్స్‌లో దాఖలు చేసే దిగుమతి పత్రం, అంటే బిల్ ఆఫ్ ఎంట్రీ, మీ బ్యాంకుకు చేరిందో లేదో చూసుకోండి. అది నమోదయ్యేదాకా మీ అడ్వాన్సు లెక్క బ్యాంకు పుస్తకాల్లో ముగియదు.