నా గేమ్‌లో సిరి మహారాణి అయింది, మరి అసలు కథ ఏది?

*"సార్, విచర్ 3 పూర్తి చేశాను. నా గేమ్‌లో సిరి మహారాణి అయింది. విచర్ 4 ట్రైలర్‌లో మాత్రం విచర్‌గా రాక్షసుల్ని వేటాడుతోంది. అంటే నాకు వచ్చింది తప్పు ముగింపా?"*

తప్పు కాదండీ. 2015లో విడుదలైన విచర్ 3లో మీరు ఆడే గెరాల్ట్‌కి పెంపుడు కూతురైన సిరికి మూడు దారులున్నాయి: విచర్ కావడం, మహారాణి కావడం, తిరిగి రాకపోవడం. వాటిలో ఏది అసలైనదో ఆ గేమ్ ఎక్కడా చెప్పదు. ఆ తేడా పుట్టేది తర్వాతి గేమ్ తీసేటప్పుడే. 2024 డిసెంబర్‌లో ప్రకటించిన విచర్ 4లో సిరే కథానాయిక. కత్తి పట్టి ఊరూరా తిరిగే గేమ్‌కి సింహాసనం మీద కూర్చున్న సిరి పనికిరాదు. కాబట్టి విచర్ దారి ఎంచుకున్నారు. మీ ఎంపికల మంచిచెడులతో దానికి సంబంధం లేదు.

అసలు మీకు ఆ ముగింపు వచ్చిందే చిన్న చిన్న మాటల వల్ల. సిరి బతకడం ఐదు సందర్భాల మీద ఆధారపడుతుంది. కేర్ మోర్హెన్ కోటలో యుద్ధం తర్వాత దిగులుగా ఉన్న ఆమెతో మంచు ముద్దలు విసురుకుంటూ ఆడితే ఆమెకు ధైర్యం పెరుగుతుంది, కూర్చుని మందు తాగితే తగ్గుతుంది. ఆమె గురువైన అవలాక్ ప్రయోగశాలను పగలగొట్టనిస్తే పెరుగుతుంది, వద్దని ఆపితే తగ్గుతుంది. ఈ లెక్క తెరమీద ఎక్కడా కనిపించదు, అందుకే చాలామందికి ముగింపు చూసి షాక్. మహారాణి కావాలంటే ఇవి చాలవు. ఆమెను తండ్రి ఎమ్‌హీర్ దగ్గరికి తీసుకెళ్లి ఉండాలి, యుద్ధంలో ఆయన సామ్రాజ్యం నిల్ఫ్‌గార్డ్ గెలవాలి.

ఇలా దారులు ఏరడం ఈ సిరీస్‌కి కొత్త కాదు. 2011 నాటి విచర్ 2లో సైనికాధికారి రోష్ వైపా, ఎల్ఫ్ తిరుగుబాటు నాయకుడు ఇయోర్వెత్ వైపా అన్నదాన్ని బట్టి రెండో అంకం మొత్తం మారిపోతుంది. మూడో గేమ్‌లో మీరు ఎవరి వైపు నిలిచినా రోష్ కనిపిస్తాడు, ఇయోర్వెత్ అసలు రాడు. విచర్ 2లో రాజుల్ని చంపిన లేథోను బతకనిచ్చారా లేదా అన్నదానికి మాత్రం విలువ ఇచ్చారు. విచర్ 2 సేవ్ లేకపోతే, విజిమాలో గెరాల్ట్‌కి గడ్డం గీస్తుండగా మోర్వ్‌రన్ వూర్‌హిస్ అడిగే ప్రశ్నలకు మీరిచ్చే జవాబుల్ని బట్టి అది తేలుతుంది. నాకు బాగా నచ్చిన పద్ధతి ఇదే. అయితే ఇయోర్వెత్‌ను ఇష్టపడినవాళ్లకు అన్యాయం జరిగిందనే అంటాను.

మరో దారి ఎల్డర్ స్క్రోల్స్ అనే గేమ్ సిరీస్ వాళ్లది. ఆ సిరీస్‌లో 1996 నాటి డాగర్‌ఫాల్‌లో ఒకదానితో ఒకటి పొసగని ముగింపులున్నాయి. కాలమే ముక్కలై అవన్నీ ఒకేసారి జరిగాయని తర్వాతి గేముల్లో చెప్పారు. ఎవరి ఆటా చెల్లకుండా పోలేదు, కానీ ఇలాంటి కిటుకు మాయలున్న లోకంలోనే నప్పుతుంది.

విచర్ ముగింపు కూడా చూడాలనుంటే, కేర్ మోర్హెన్ యుద్ధం నాటి మాన్యువల్ సేవ్ ఉందేమో వెతకండి. ఉంటే అక్కడి నుంచి సిరికి అండగా మాట్లాడుతూ, ఆమెను ఎమ్‌హీర్ దగ్గరికి తీసుకెళ్లకుండా ఆడండి. సేవ్ లేకపోతే New Game + ఉంది. మీ లెవెల్, ఆయుధాలు మీతోనే వస్తాయి, కథ మాత్రం మొదటి నుంచి ఆడాలి.